రెండు భాషలు కలిసిన ఫోటోలో ఏది అనువదించాలి, ఏది వదిలేయాలి?

*ఫోటోలో ఇంగ్లీష్, జర్మన్ కలిసి ఉన్నాయి. మొత్తం తెలుగులోకి మార్చాలా, కొంత అలాగే ఉంచాలా?*

చదివేవారు అర్థం చేసుకోవాల్సిన భాగాన్ని అనువదించాలి. ఎదురుగా ఉన్న వస్తువు మీద వెతికి పట్టుకోవాల్సిన పదాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. బటన్ మీద RESET అని ఉంటే, ఆ అక్షరాలే కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటిని మారిస్తే మనిషి తికమకపడతాడు. మోడల్ నంబర్లు, ఎర్రర్ కోడ్‌లు కూడా అంతే.

ఒక సీసా లేబుల్ ఫోటో ఉందనుకోండి. పైన ఇంగ్లీష్‌లో ఉత్పత్తి పేరు, కింద జర్మన్‌లో వాడే పద్ధతి, పక్కన పెద్ద అక్షరాల్లో 'గిఫ్ట్' అన్న ఒకే మాట. పేరు అలాగే ఉంచి, పద్ధతిని అనువదిస్తాం. మరి ఆ మాట? జర్మన్‌లో దాని అర్థం 'విషం'! ఇంగ్లీష్ అనుకుని వదిలేసినా, 'కానుక' అని రాసినా ప్రమాదమే. చుట్టూ ఉన్న వాక్యాలు ఏ భాషవో చూసి తేల్చుకోవాలి. యాప్ వాడితే భాషను దానికే వదిలేయకుండా, ఆ ముక్కను క్రాప్ చేసి జర్మన్ అని మీరే ఎంచుకోండి.

ఒకే విషయం రెండు భాషల్లోనూ ఉంటే ఒకసారి అనువదిస్తే చాలు. ముందు రెండింట్లో అంకెలు సరిపోయాయో చూడండి. తేడా ఉంటే రెండూ ఇవ్వాలి.

ఇంగ్లీష్ అందరికీ తెలుసు, దాన్ని వదిలేయొచ్చు అనేది చాలామంది పొరపాటు. హెచ్చరిక ఇంగ్లీష్‌లో ఉన్నా అనువదించాల్సిందే.