కీలో ఆన్సర్ వేరు, నా లెక్కలో వేరు: తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

"ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను, వైజాగ్. ఇంటిగ్రేషన్‌లో నా స్టెప్పులన్నీ కరెక్టే అనిపిస్తాయి, కానీ కీలో ఆన్సర్ వేరేగా ఉంటుంది. పుస్తకం లేదు, ఫ్రెండ్ పంపిన ఫోటోలు చూసి చేస్తాను. తప్పు నాదా, కీదా?"

గాజువాకలో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెబుతాను. ఇంటిగ్రేషన్ మొదలైందంటే చాలు, "సార్, కీ తప్పు" అంటూ వాట్సాప్‌లో పేజీల ఫోటోలు వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం రెండు రకాలే. మొదటి రకంలో రెండు ఆన్సర్లూ నిజానికి ఒకటే, రాసిన రూపం వేరు. రెండో రకంలో ఫోటోలోంచి దించుకున్న ప్రశ్నే వేరు. ఈ రెండూ కాదని తేలాకే కీని అనుమానించాలి.

మొదటి రకానికి ∫ sin x cos x dx మంచి ఉదాహరణ. sin x = t అనుకుని చేస్తే sin²x/2 + C వస్తుంది. cos x = t అనుకున్నవాళ్లకు −cos²x/2 + C వస్తుంది. కీలో −cos 2x/4 + C అని ఉంటుంది. మూడూ సరైనవే. cos 2x = 1 − 2 sin²x కాబట్టి −cos 2x/4 అంటే sin²x/2 − 1/4. ఆ −1/4 అనేది C లో కలిసిపోతుంది. మీ C, కీలో ఉన్న C ఒకే సంఖ్య కానక్కర్లేదు. పిల్లలు C ని ఆఖర్లో అలవాటుగా తగిలించేసి వదిలేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

సరైన ఫార్ములా తట్టకపోయినా ఇది తేల్చుకోవచ్చు. C వదిలేసి, రెండు ఆన్సర్లలోనూ ఒకే x విలువ వేసి తేడా చూడండి. x = 0 దగ్గర మీది 0, కీది −1/4, తేడా 1/4. x = π/4 దగ్గర మీది 1/4, కీది 0, తేడా మళ్లీ 1/4. x = π/2 దగ్గర 1/2, 1/4, తేడా అదే. మూడు చోట్లా తేడా మారలేదంటే రెండూ ఒకటేనని దాదాపు ఖాయం. తేడా ఒక్కచోట మారినా రెండింటిలో ఒకటి తప్పు. అప్పుడు రెండింటినీ డిఫరెన్షియేట్ చేయండి, ప్రశ్నలో ఉన్న ఫంక్షన్ దేనికి తిరిగొస్తే అది సరైనది. అనుమానం పూర్తిగా పోవాలన్నా చివరికి ఇదే చేయాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. 1/(1+x²) ఇంటిగ్రల్ ఒకరు tan⁻¹x అని, ఇంకొకరు −tan⁻¹(1/x) అని రాయవచ్చు. x = 1 దగ్గర తేడా π/2, x = √3 దగ్గరా π/2. కానీ x = −1 దగ్గర −π/2 అవుతుంది! ఇది చూసి తప్పనుకోకండి. రెండో ఆన్సర్ x = 0 దగ్గర తెగిపోతుంది కాబట్టి అటుపక్క C వేరు, ఇటుపక్క C వేరు. అందుకే వేసే విలువలన్నీ అలా తెగే చోటుకు ఒకే పక్కన ఉండేలా ఎంచుకోండి. డెఫినిట్ ఇంటిగ్రల్‌కైతే ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఆన్సర్ ఒకే సంఖ్య, రూపం ఏదైనా విలువ కలవాల్సిందే.

ఇక ఫోటోల సంగతి. ఈ మధ్య ఒక కుర్రాడు 0 నుంచి 1 వరకు x/(x²+1) ఇంటిగ్రల్ చేసి (1/2) log 2 తెచ్చాడు. కీలో 1/4 ఉంది. నోట్‌బుక్‌లో ప్రతి స్టెప్పూ కరెక్టే. ఎన్నిసార్లు చేసినా అదే వస్తోందని పాపం బాగా టెన్షన్ పడ్డాడు. నేను ముందు కీ వైపు నుంచి ఆలోచించాను. x/(x²+1) లో పైన ఉన్నది కింద ఉన్నదాని డెరివేటివ్‌లో సగం, కాబట్టి log రావాల్సిందే. కీలో log జాడే లేదు. అంటే కీ రాసినవాళ్లు వేరే ప్రశ్న చేసుండాలి. ఫోటో పెద్దది చేసి చూస్తే బ్రాకెట్ పక్కన పేజీ బైండింగ్ లోపలికి మడతపడి ఉంది, ఆ నీడలో ఏదో చుక్కలాంటిది కనిపించింది. పుస్తకం ఉన్న ఫ్రెండ్‌ని అడిగితే అక్కడున్నది (x²+1)² అని తేలింది. ఇప్పుడు x²+1 = u అనుకుంటే 1 నుంచి 2 వరకు 1/u² లో సగం, అంటే (1/2)(1 − 1/2) = 1/4. కీ సరిపోయింది.

పుస్తకం దొరకనప్పుడు సింప్సన్ రూల్‌తో రఫ్‌గా లెక్కేయండి. 0, 1/2, 1 దగ్గర ఫంక్షన్ విలువలు తీసుకుని, మధ్యదాన్ని 4తో గుణించి, మూడూ కలిపి 6తో భాగించాలి. (0 నుంచి 1 వరకు ఉన్న ఇంటిగ్రల్‌కే ఈ 6.) స్క్వేర్ లేకుండా విలువలు 0, 0.4, 0.5, కాబట్టి (0 + 1.6 + 0.5)/6 = 0.35. (1/2) log 2 అంటే సుమారు 0.347, అంటే కుర్రాడు తను దించుకున్న లెక్కను సరిగ్గానే చేశాడు. స్క్వేర్‌తో 0, 0.32, 0.25, కాబట్టి (0 + 1.28 + 0.25)/6 = 0.255. కీలోని 0.25కి ఇది దగ్గర. కీని ఏ ప్రశ్నకు తయారు చేశారో ఇలా పట్టుకోవచ్చు.

అందుకే ఫోటో వచ్చాక పరిష్కారం జోలికి వెళ్లకుండా ముందు ప్రశ్న ఒక్కటే కాగితం మీద దించుకోండి. ఫోటో పెద్దది చేసి పవర్లు, మైనస్‌లు, రూట్ గీత ఎక్కడి దాకా ఉంది, లిమిట్స్ ఏమిటి అన్నవి విడివిడిగా చూడండి. తర్వాత మీ పాత నోట్‌బుక్‌లో మొదటి లైన్ తీసి దీనితో పోల్చండి. చాలామంది రెండో లైన్ నుంచి వెతుకుతారు, తప్పేమో మొదటి లైన్‌లోనే ఉంటుంది.

ఫోటో పంపేవాళ్లకు కూడా చెప్పండి. పేజీని అరచేత్తో చదునుగా నొక్కి, పగటి వెలుతురులో, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయాలి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు. స్కానింగ్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టొద్దు. అక్షరాలు నల్లగా వస్తాయి కానీ సన్నటి మైనస్ గీతలు, దశాంశ చుక్కలు కొన్నిసార్లు మాయమవుతాయి. జిరాక్స్‌కి తీసిన ఫోటో అయితే అంచు దగ్గర సగం తెగిన లైన్లుంటాయి, వాటిని ఊహించి పూర్తి చేయకుండా అడిగి తెలుసుకోండి.

ఇవన్నీ చూశాక కూడా మీ విలువ రఫ్ లెక్కతో కలిసి, కీ కలవకపోతే, పక్క నంబర్ ప్రశ్నల ఆన్సర్లు చూడండి. ప్రాక్టీస్ మెటీరియల్‌లో ఒక ప్రశ్న తీసేసి కీ మార్చడం మర్చిపోతే అక్కడినుంచి నంబర్లన్నీ ఒకటి జరుగుతాయి. అలా జరగలేదంటే కీ తప్పే. లెక్చరర్‌కి చూపించేటప్పుడు అసలు పేజీ ఫోటో, మీరు దించుకున్న ప్రశ్న, సింప్సన్‌తో వచ్చిన విలువ మూడూ కలిపి చూపించండి.