అత్తగారు ఏ రోజు పోయారన్నదే మీ కేసు

ప్రశ్న: లాయర్ గారూ, నా భర్త 2022 ఆగస్టులో గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. విజయవాడలో ఆయన జీతం డబ్బుతో కొన్న ఫ్లాటు ఆయన పేరు మీదే ఉంది, ఇప్పుడు 72 లక్షలు చేస్తుంది. డీమ్యాట్‌లో 24 లక్షల షేర్లున్నాయి, నామినీ పేరు కూడా రాయలేదు. నాకు 22 ఏళ్ళ కూతురు, 15 ఏళ్ళ కొడుకు. మామగారు ఎప్పుడో పోయారు. అత్తగారిని చివరి దాకా నేనే చూసుకున్నాను, ఆవిడ 2023 మార్చిలో పోయారు. ఆవిడ లేరు కదా అని కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో మా ముగ్గురి పేర్లే రాయించి, ఇంటి పన్ను నా పేరుకి మార్చుకున్నాను. ఒక్కనాడూ తల్లి ముఖం చూడని మరిది ఇప్పుడొచ్చి ఫ్లాటులో వాటా అడుగుతున్నాడు, అమ్మ రాసిచ్చిన కాగితం ఉందంటున్నాడు. ఆడపడుచు చెన్నైలో ఉంటుంది, ఏమీ అడగలేదు. మా వారి ఫోన్, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉన్నాయి కనుక షేర్లు అమ్మేయమనీ, మూడేళ్ళు దాటితే మరిదికి హక్కు పోతుందనీ మా తమ్ముడు అంటున్నాడు. మరిదికి నిజంగా హక్కుందా? నాకు న్యాయం జరుగుతుందా?
— ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కేసును తేల్చే విషయం ఒక్కటే ఉంది. మీ భర్త 2022 ఆగస్టులో పోయారు, అత్తగారు 2023 మార్చిలో పోయారు. మీ వారు కన్నుమూసిన రోజున ఆయన తల్లి బతికే ఉన్నారు. ఎవరు సేవ చేశారు, ఎవరు ముఖం చూడలేదు అన్నది వాటాలను అంగుళం కూడా కదపదు కనుక దాన్ని పక్కన పెడుతున్నాను.

హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, వీలునామా లేకుండా మగవాడు పోతే ఆస్తి మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. భార్య, కొడుకు, కూతురు, తల్లి అందరూ అందులో ఉన్నారు. తండ్రి లేడు, అన్నదమ్ములూ లేరు. కాబట్టి అన్న ఆస్తిలో మీ మరిదికి నేరుగా ఏ హక్కూ లేదు. కానీ తల్లికి ఉంది. ఆ రోజునే ఆస్తి నాలుగు సమాన వాటాలైంది: మీకు పావు, పిల్లలకు చెరో పావు, అత్తగారికి పావు. ఆవిడ అడగకపోవచ్చు, ఎక్కడా సంతకం పెట్టకపోవచ్చు, ఆ సంగతే తెలియకపోవచ్చు. హక్కు కొడుకు మరణంతోనే ఆవిడకు వచ్చేసింది. తర్వాత ఏడు నెలలకు ఆవిడ పోయినప్పుడు ఆ పావు వెనక్కి మీ దగ్గరికి రాలేదు, ఆవిడ వారసులకు వెళ్ళింది. అత్తగారు మీ వారికంటే ఒక్క రోజు ముందు పోయి ఉంటే మరిది ఈ రోజు మీ గుమ్మం తొక్కడానికి చట్టంలో కారణమే ఉండేది కాదు.

ఇప్పుడు ఆ పావు ఎలా పంచుకుంటారో చూడండి. ఆడవారి ఆస్తికి అదే చట్టంలో వేరే క్రమం, 15వ సెక్షన్. ఆవిడ భర్త లేరు కనుక ఆవిడ సంతానానికి వెళ్తుంది. ముందే పోయిన కొడుకు వాటా అతని పిల్లలకు వస్తుంది, అతని భార్యకు రాదు. అంటే ఆ పావులో మూడో వంతు మరిదికి, మూడో వంతు ఆడపడుచుకు, మిగిలిన మూడో వంతు మీ ఇద్దరు పిల్లలకు కలిపి. మొత్తం ఆస్తిని 24 భాగాలు చేస్తే మీకు 6, మీ పిల్లలకు చెరి 7, మరిదికి 2, ఆడపడుచుకు 2. మీరు చెప్పిన విలువల మీద మొత్తం 96 లక్షలు, ఒక్కో భాగం 4 లక్షలు. మరిది వాటా 8 లక్షలు, అందులో 6 ఫ్లాటులో, 2 షేర్లలో. ఆడపడుచు ఏమీ అడగలేదన్న ఒక్క ముక్కతో ఆమెను వదిలేశారు, ఆమె వాటా కూడా సరిగ్గా అంతే.

ఈ లెక్క అత్తగారు కూడా వీలునామా రాయకపోతేనే. మరిది చెప్తున్న కాగితం సంగతి అందుకే ముఖ్యం. తన పావును ఎవరికైనా రాసిచ్చే హక్కు ఆవిడకు ఉంది. అది చెల్లే వీలునామా అయితే మరిది వాటా 8 లక్షల నుంచి 24 లక్షలకు పెరుగుతుంది. కాబట్టి కాగితం ఉందన్న మాటకు భయపడొద్దు, లేదన్న ధైర్యంతోనూ ఉండొద్దు. నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఫ్లాటులో తన హక్కును అప్పటికప్పుడే ఇచ్చేసినట్టు రాసి ఉంటే అది రిజిస్టరై ఉండాలి, లేకపోతే ఫ్లాటు మీద చెల్లదు. 2022 ఆగస్టు నుంచి ఫ్లాటుకు ఈసీ తీయించండి, రిజిస్టరై ఉంటే అందులో కనబడుతుంది. వీలునామాకైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, కోర్టులో వారిలో ఒకరైనా వచ్చి చెప్పాలి. ఆ తేదీన ఆవిడ ఎక్కడున్నారు, ఆసుపత్రిలో ఉన్నారా, సంతకం చేసే స్థితిలో ఉన్నారా అన్నది అప్పుడు సాక్ష్యమవుతుంది. చివరి దాకా చూసుకున్నానన్నారు కదా, ఆ నెలల ఆసుపత్రి కాగితాలు, మందుల చీటీలు, ఆవిడ పెన్షన్ ఫారాల మీద సంతకాలు ఏవీ పారేయకండి. మీ సేవ వాటాను పెంచదు గానీ, ఆ కాగితాలు ఇక్కడ పనికొస్తాయి.

ఇక మీరు చేసిన పొరపాటు. అత్తగారు లేరు కదా అని సర్టిఫికెట్‌లో పేరు రాయించకపోవడం చిన్న విషయం కాదు. భర్త పోయిన రోజున ఎవరున్నారని అడుగుతారు, దరఖాస్తు రోజున ఎవరున్నారని కాదు. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, దాన్ని ఇక ఎక్కడా వాడకండి. తహసీల్దారుకు మీరే దరఖాస్తు ఇచ్చి, అత్తగారి పేరు, మరణ తేదీ చేర్చి సవరించుకోండి. అసలు ఆ సర్టిఫికెట్ ఎవరి వాటా ఎంతో తేల్చదు, ఇంటి పన్ను పేరు మార్పు కూడా హక్కు ఇవ్వదు. మునిసిపాలిటీ వాళ్ళకు పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలిస్తే చాలు.

నామినీ రాయలేదని బాధపడ్డారు. రాసినా ఈ వాటాలు మారేవి కావు. నామినీ షేర్లను తన పేరుకు తీసుకుంటాడే గానీ యజమాని కాడని, వారసత్వ చట్టమే నెగ్గుతుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో తేల్చింది. నామినీ ఉంటే మీకు కోర్టు తిరుగుడు తగ్గేది, అంతవరకే.

మీ తమ్ముడి సలహాల్లో మొదటిది ప్రమాదం, రెండోది తప్పు. చనిపోయిన వ్యక్తి పాస్‌వర్డ్‌తో, ఆయన ఫోన్‌కి వచ్చే ఓటీపీతో షేర్లు అమ్మితే, ఆయనే బతికొచ్చి అమ్మినట్టు రికార్డు పుడుతుంది. తేదీ, గంట, నిమిషంతో సహా. ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళిందో బ్యాంకు స్టేట్‌మెంటు చెప్తుంది. మరిదికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. చనిపోయిన వారి ఆస్తిని దురుద్దేశంతో వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షన్ కింద నేరం. షేర్లలో 2 లక్షల వాటా మాత్రమే ఉన్న మరిది చేతికి మీ మీద పోలీసు ఫిర్యాదు పెట్టే అవకాశం మీరే ఇచ్చిన వారవుతారు. ఆ ఫోన్ స్విచాఫ్ చేసి దాచండి. మరణ ధ్రువపత్రంతో డీమ్యాట్ ఖాతా ఉన్న చోట వెంటనే తెలియజేయండి.

మూడేళ్ళ గడువు మాట అసలు వర్తించదు. ఉమ్మడి వారసుల్లో ఒకరు ఇంట్లో ఉంటున్నంత మాత్రాన మిగతావారి హక్కు పోదు. నీకు ఇందులో ఏమీ లేదని బాహాటంగా కాదని, అతనికి తెలిసేలా అడ్డుకున్నప్పటి నుంచే 12 ఏళ్ళ లెక్క మొదలవుతుంది. ఆలస్యం వల్ల నష్టం మీకే. వరుసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోని షేర్లను కంపెనీలు కేంద్ర ప్రభుత్వ మదుపరుల నిధికి, అంటే ఐఈపీఎఫ్‌కి పంపేస్తాయి. అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు గానీ, ఇప్పుడు తెచ్చుకోవాల్సిన పత్రాలే అప్పుడూ తెచ్చి, పైన మరో తిరుగుడు పడాలి.

షేర్లకు దారి ఇది. నామినీ లేని డీమ్యాట్ ఖాతాలో విలువ 15 లక్షల లోపు ఉంటే కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ లేకుండా, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు, హామీ పత్రంతో బదిలీ చేసే వీలును సెబీ 2022 సర్క్యులర్‌లో ఇచ్చింది. మీది 24 లక్షలు, పైగా మరిదితో తగాదా ఉంది కనుక భారత వారసత్వ చట్టం 1925, 372వ సెక్షన్ కింద కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్‌కు వేయాలి. మీ వారు చివరగా నివసించిన చోటి కోర్టు. మీ తరఫున, మైనరు కొడుకు తరఫున మీరు, కూతురు కలిసి పిటిషనర్లుగా ఉండండి. మరిదిని, ఆడపడుచును ప్రతివాదులుగా చూపండి. దాచి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను కోర్టు తర్వాత రద్దు చేయగలదు, పిటిషన్‌లో తెలిసి అబద్ధం రాయడం నేరం కూడా. షెడ్యూలులో ప్రతి కంపెనీ పేరు, షేర్ల సంఖ్య, రాని డివిడెండ్లు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని రాయించండి. వదిలేసినదానికి మళ్ళీ కోర్టుకు రావాలి. ఈ సర్టిఫికెట్ షేర్లు, బ్యాంకు డబ్బు, రావలసిన బాకీలకే. ఫ్లాటుకు పనికిరాదు.

ఫ్లాటుకు నా సలహా, మరిది, ఆడపడుచులతో కూర్చుని మాట్లాడుకోండి. వీలునామా బయటపడకపోతే ఒక్కొక్కరికి ఫ్లాటులో రావలసింది 6 లక్షలు. ఆ మొత్తమో, ఒప్పుకుంటే అంతకు తక్కువో ఇచ్చి, వారి వాటాకు హక్కు విడుదల దస్తావేజు మీ పేరున రిజిస్టరు చేయించుకోండి. స్టాంపు రుసుము సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే లెక్క వేయించండి. నోటరీ చేసిన నిరభ్యంతర పత్రం ఫ్లాటు హక్కును బదిలీ చేయదు. ఆడపడుచు వచ్చి సంతకం పెట్టకుండా మరిది ఒక్కడితో తేల్చుకుంటే పని సగమే అయినట్టు. మాటలు కుదరకపోతే విభజన దావా మీరే ముందు వేయండి.

మీ అబ్బాయి పేరున మాత్రం ఏ విడుదల పత్రం మీదా సంతకం చేయకండి. ఫ్లాటు అమ్మాలంటే అతని వాటాకు జిల్లా కోర్టు అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా అమ్మితే, అతను 18 నిండాక మూడేళ్ళ లోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయవచ్చు. తొందర లేకపోతే ఇంకో మూడేళ్ళు ఆగి, అతనే సంతకం చేసే వయసు వచ్చాక అమ్మండి.