వీలున్నప్పుడు కట్టమనకు

తమ్ముడూ,

మల్లేశ్వరంలోని మీ తెలుగు క్లబ్బు కోసం నువ్వు రాసిన సభ్యత్వ రెన్యువల్ నోటీసు చదివాను. కార్యదర్శి గారు పాత నోటీసు ఇచ్చి "కాస్త మర్యాదగా మార్చు" అన్నారని రాశావు. నువ్వు మర్యాదగానే మార్చావు, కానీ గడువు తేదీ కనిపించకుండా పోయింది.

పాత నోటీసులో "రుసుము చెల్లించని సభ్యుల సభ్యత్వం రద్దు చేయబడును" అని ఉంది. అది చదివితే కట్టాలన్న ఆలోచన కంటే ముందు కోపం వస్తుంది. గడువు దాటితే సభ్యత్వం దానంతట అదే ముగుస్తుంది, ఎవరూ శిక్షగా పీకేయడం లేదు. అందుకే "రద్దు" తీసేసి మంచి పని చేశావు. కానీ దాని బదులు "మీకు వీలున్నప్పుడు చూసుకుని కట్టగలరు" అని పెట్టావు. ఆ పైన మూడు పేరాల్లో క్లబ్బు చరిత్ర. ఏప్రిల్ 30 అన్న మాట ఎక్కడో చివర ఉంది. వీలున్నప్పుడు అన్నాక ఆ తేదీని ఎవరు పట్టించుకుంటారు? ఈ రెండూ ఒకే ఉత్తరంలో ఇమడవు. ఆప్యాయత పలకరింపులో చూపించు, తేదీ దగ్గర మెత్తబడకు.

రాసే ముందు కార్యదర్శి గారిని రెండు సంగతులు అడుగు. ఏప్రిల్ 30న కట్టినా చెల్లుతుందా? ఆ తర్వాత కట్టేవాళ్ళు పాత సభ్యులుగానే ఉంటారా, కొత్తగా చేరాలా? క్లబ్బు నియమావళిలో ఉన్నదే నువ్వు రాయాలి, ఊహించి రాయకూడదు. నీ డ్రాఫ్టులోని వివరాలు సరైనవే అనుకుని, నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారమండీ. కిందటి ఉగాదికి మీరు దగ్గరుండి పచ్చడి చేయించినందుకు ఇప్పటికీ అందరూ తలుచుకుంటున్నారు. మీ సభ్యత్వం గడువు మార్చి 31తో అయిపోయింది. రెన్యువల్‌కి ఆఖరి రోజు ఏప్రిల్ 30, 2026, గురువారం. ఆ రోజు కట్టినా చెల్లుతుంది. మే 1 నుంచి లైబ్రరీ పుస్తకాలు ఇవ్వలేం, సర్వసభ్య సమావేశంలో ఓటు ఉండదు, మళ్ళీ చేరాలంటే ప్రవేశ రుసుము కూడా కట్టాలి. ఏడాదికి 1,200 రూపాయలు. క్లబ్బు ఖాతాకి యూపీఐలో పంపి, నోట్‌లో మీ సభ్యత్వ నంబరు రాయండి. ఇప్పటికే కట్టి ఉంటే ఆ రసీదు నాకు పంపండి, మా లెక్క సరిచేస్తాం. ఈ ఏడాది వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, మళ్ళీ గుర్తు చేయం."

కింద కార్యదర్శి గారి పేరు, ఫోన్ నంబరు ఉండాలి.

పచ్చడి మాట అందరికీ పంపకు. ఆ మనిషి నిజంగా చేసిన పనైతేనే రాయి. ఏమీ తెలియని సభ్యుడికి "నమస్కారమండీ" చాలు, లేని చనువు ఇట్టే పట్టుబడిపోతుంది. వారం పేరు ఎందుకంటే, చదివేవాళ్ళు తమ వారంలో దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోగలుగుతారు. "నెలాఖరులోగా" అని మాత్రం రాయకు. ఉత్తరం ఏప్రిల్‌లో పంపి, ఆయన మేలో తెరిస్తే అది వేరే నెల అవుతుంది.

సభ్యత్వ నంబరు రాయమన్నది కోశాధికారి కోసం. యూపీఐలో చాలాసార్లు డబ్బు కొడుకు ఖాతా నుంచో, భార్య ఖాతా నుంచో వస్తుంది. ఎవరి తరఫున వచ్చిందో తేలకపోతే కట్టిన మనిషికే మళ్ళీ రిమైండర్ వెళ్తుంది. ఆ అవమానాన్ని ఎంత తియ్యటి మాటలైనా సర్దిపెట్టలేవు. అందుకే పంపే రోజు పొద్దున కోశాధికారి దగ్గర తాజా జాబితా తీసుకో, నిన్నటిది పనికిరాదు.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తున్నాను. కట్టనివాళ్ళ పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టమని కమిటీలో ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఒకరి బాకీ నలుగురి ముందు పెట్టాక, వాళ్ళు డబ్బు కట్టినా క్లబ్బుకి రారు. ఎవరికి వాళ్ళకి విడిగా పంపు.

రెండో రిమైండర్ 24న పంపు. అందులో పలకరింపు తగ్గించి తేదీతోనే మొదలుపెట్టు. తేదీ మాత్రం అదే ఉండాలి. ఈసారికి పదిహేను రోజులు పెంచుదామని కమిటీ అంటే, వచ్చే ఏడాది నువ్వు రాసే తేదీని ఎవరూ నమ్మరని వాళ్ళకి చెప్పు. పంపాక "ఇంతకీ ఎప్పటిలోగా కట్టాలి?" అని ఫోన్లు వస్తుంటే లోపం ఉత్తరంలోనే ఉందని అర్థం. అప్పుడు దాన్ని నాకు మళ్ళీ పంపు, కూర్చుని చూద్దాం.

నీ అన్నయ్య