అధికారికి రాసిన లేఖకు మార్కులు ఎలా వేయాలి?

ప్రశ్న: వీధి దీపాలు వెలగడం లేదని మున్సిపల్ కమిషనర్‌కు విద్యార్థి రాసిన లేఖ దిద్దుతున్నాను. రూపం, మర్యాద, ఉద్దేశం చూసి పది మార్కులు ఎలా పంచాలి?

జవాబు: నేనైతే ఉద్దేశానికే ఐదు ఇస్తాను. ఏ వీధి, ఎన్నాళ్లుగా, కమిషనర్ ఏం చేయించాలి అన్నవి లేఖలో ఉండాలి. చీకటి గురించి నాలుగు వాక్యాలు రాసి, దీపాలు బాగు చేయించమని అడగనేలేదంటే రెండుకు మించి వేయను. రూపానికి మూడు: పైన కుడివైపు ఊరు, తేదీ; తర్వాత సంబోధన, విషయం; చివర ‘ఇట్లు’, సంతకం, ఎడమవైపు చిరునామా. ఒకటి మరిచిపోతే అర మార్కు కోత చాలు. మిగతా రెండూ మర్యాదకి. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెడితే ఒకటి తగ్గిస్తాను, అది చుట్టాలకు రాసే తీరు. ‘వెంటనే చేయకపోతే ధర్నా చేస్తాం’ అన్నా అంతే.