మిర్చి ప్రాజెక్టు బడ్జెట్‌: ప్రతి ఖర్చునీ పనికి ముడిపెట్టి రాయడం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న స్వచ్ఛంద సంస్థ. మిర్చి శుభ్రంగా ఎండబెట్టడంపై 12 ఊళ్ల రైతులకు ఏడాది పాటు శిక్షణ ఇస్తామని నిధులు అడిగాం. ప్రయాణాలు 1,20,000, కోఆర్డినేటర్ జీతం 2,64,000, టార్పాలిన్ పట్టాలు 72,000 అని వేసి, పక్కన "ప్రాజెక్టు అమలుకు అవసరం" అని రాశాం. "ఖర్చుకూ కార్యక్రమానికీ సంబంధం కనిపించడం లేదు" అని తిప్పి పంపారు. ఇంకేం రాయాలండీ?

జవాబు: ముందు బడ్జెట్ పక్కన పెట్టి, చేయబోయే పనులకు నంబర్లు వేసుకోండి. పని 1 రైతుల ఎంపిక, పని 2 శిక్షణ తరగతులు, పని 3 కల్లాల్లో ప్రదర్శన, పని 4 రికార్డులు, నివేదికలు. ప్రతి పనికీ "ఎన్ని" అన్నది తేలాలి. ఉదాహరణకు ఊరికి 4 విడతల చొప్పున 12 ఊళ్లకు 48 తరగతులు. ఇక నుంచి బడ్జెట్‌లో ఊళ్లతో మారే ప్రతి అంకె ఈ 12 నుంచో 48 నుంచో పుట్టాలి.

ముందుగా ప్రయాణాలు, అంటే కారు అద్దె చూద్దాం. రోజుకు 2,500 అనుకుంటే, మీ 1,20,000 అంటే తరగతికో రోజు కారు. దగ్గరి ఊళ్లు రెండేసి కలిపి, ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం పెట్టుకుంటే 24 రోజులు చాలు. అప్పుడు ఇలా రాయండి: "పని 2: 48 తరగతులు, రోజుకు రెండు, 24 రోజులు × 2,500 = 60,000. ఇద్దరు శిక్షకులు, కోఆర్డినేటర్, ప్రదర్శన సామాను కలిసి వెళ్లాలి కాబట్టి బస్సు కుదరదు." ఎన్ని, ఎంత, ఎందుకు అన్న మూడూ అందులో ఉన్నాయి. రేటుకు కొటేషన్ జతచేయండి.

అసలు చిక్కు జీతం దగ్గర. నెలకు 22,000 చొప్పున ఏడాది జీతమంతా వేశారు. కానీ పనిదినాలు లెక్కేయండి. తరగతులకు 24 రోజులు. ప్రతి తరగతికి ముందు రైతుల్ని కూడగట్టడానికి అరపూట చొప్పున 24 రోజులు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊరికి ఆరుసార్లు కల్లాలు చూడాలి, రోజుకు మూడు ఊళ్లంటే మరో 24. రికార్డులు, నివేదికలకు నెలకు రెండేసి, ఇంకో 24. మొత్తం 96 రోజులు. నెలకు 24 పనిదినాలైతే ఏడాదికి 288, అంటే మూడో వంతు. "మిగతా 192 రోజులు ఈయన ఏం చేస్తారు?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. రైతుల ఎంపికకు పట్టే రోజులు కూడా లెక్కించి కలపండి. అది పక్కన పెడితే అడగాల్సింది 88,000: పని 2 కింద 44,000, పని 3 కింద 22,000, పని 4 కింద 22,000. మిగతా జీతం ఏ నిధుల నుంచి వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి. పూర్తికాలం మనిషే కావాలంటే ఆ రోజుల్ని నింపే పని ప్రణాళికలో కనిపించాలి. జీతం కోసం పనులు కల్పిస్తే మాత్రం రెండో నెలకే ఇరుక్కుపోతారు.

పట్టాల లెక్క మీరు రాయలేదు గానీ సరిగానే ఉన్నట్టుంది: ఊరికి ఒక కల్లం, కల్లానికి రెండు పట్టాలు, 24 × 3,000. రెండెందుకో చెప్పాలి. ఒకటి కాయ కింద పరచడానికి, ఇంకోటి రాత్రి మంచు పడకుండా పైన కప్పడానికి. తడి తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరొచ్చు, ప్రదర్శన పెట్టేదే అందుకు. ఈ ముక్క లేకపోతే మొదట సగానికి కోసేది పట్టాలనే. మీకు జీఎస్టీ తిరిగి రాదనుకుంటే ధరలోనే కలిపి, "పన్నుతో సహా" అని రాయండి.

ఇప్పుడు తిరగేసి చూడండి: ఖర్చు లేని పని ఏదైనా ఉందా? మీ దాంట్లో ఉంది. రైతుల్ని కూడగట్టే 24 రోజులు, కల్లాలు చూసే 24 రోజులు కోఆర్డినేటర్ బండి మీద తిరగాలి. రోజుకు 60 కిలోమీటర్లు, కిలోమీటరుకు 4 రూపాయలంటే 11,520. అది ఎక్కడా లేదు. తేమ కొలిచే మీటరూ లేదు. ఆయనే బండి మీద తీసుకెళ్తారు కాబట్టి 12 అక్కర్లేదు, ఒకటి చాలు.

పంపేముందు ఒక పరీక్ష. ఎక్సెల్‌లో ఊళ్ల సంఖ్య B1లో, విడతలు B2లో పెట్టి, మొత్తాలన్నీ సూత్రాలతోనే రాయండి. కారు అద్దెకు:

```
=B1*B2/2*2500
```

B1లో 12 తీసి 10 పెట్టండి. కారు 50,000కు, పట్టాలు 20కి, బండి రోజులు 40కి దిగాలి. మీటరు, పని 4 కింద జీతం, ఆడిట్ ఫీజు ఉంటే అదీ కదలవు. అవి ఊళ్ల సంఖ్యతో మారని ఖర్చులని జస్టిఫికేషన్‌లో రాయండి. ఇవి కాక ఇంకేదైనా కదలకుండా ఉండిపోతే, దానికి ఇంకా ఏ పనితోనూ ముడి పడలేదన్నమాట. రేపు దాత నిధులు తగ్గించమన్నా ఇదే షీటు పనికొస్తుంది: "రెండు ఊళ్లు తగ్గిస్తే ఇంత తగ్గుతుంది" అని అంకెతో చెప్పొచ్చు.