కర్రీ పాయింట్‌కు ఒక్క ఏబీసీ సిలిండర్ చాలుతుందా?

ప్రశ్న: మా ఇంటి కింది భాగంలో చిన్న కర్రీ పాయింట్ పెడుతున్నాం. వెనుక వంటగది, ముందు ఇన్వర్టర్, కంప్యూటర్ ఉన్న కౌంటర్, పక్కన బిల్లు పుస్తకాలు, అట్టపెట్టెలు ఉండే చిన్న గది. మంటలు ఆర్పడానికి ఈ మూడింటికీ పొడి ఉండే ఏబీసీ సిలిండర్ ఒక్కటే చాలని అమ్మేవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? ఏది దేని మీద వాడకూడదు?

జవాబు: కౌంటర్‌కూ, కాగితాల గదికీ ఆ మాట చాలావరకు నిజమేనండి. నూనె బాణలికి మాత్రం కాదు. మేము గుంటూరులో పదేళ్లకు పైగా మిఠాయి దుకాణం నడిపాము. మాకూ మొదట్లో ఇదే సలహా ఇచ్చారు, మేమూ నాలుగు కిలోల ఏబీసీ సిలిండర్ ఒకటి కొని వంటగది గోడకు తగిలించుకున్నాము.

సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం జంతికల కోసం సుమారు పన్నెండు లీటర్ల నూనె కాగుతోంది. పొయ్యి దగ్గరి మనిషి పిండి తేవడానికి వెళ్లి, మాటల్లో పడి ఆలస్యంగా వచ్చాడు. ఆ సమయంలో నూనె మీద మొదట నీలిరంగు పొగ లేచింది, తరువాత ఎవరూ అంటించకుండానే నూనె దానంతట అదే అంటుకుంది. పిండివంటలు వేగేది 180 డిగ్రీల దగ్గర. అదే నూనె రకాన్ని బట్టి సుమారు 340 నుంచి 380 డిగ్రీలు చేరితే అగ్గిపుల్ల అవసరం లేకుండానే మండుతుంది, పలుమార్లు కాచిన నూనె అయితే అంతకంటే ముందే అంటుకుంటుంది.

మా కుర్రవాడు ధైర్యంగా సిలిండర్ తీసి, పిన్ను లాగి, బాణలికి ఒక గజం దూరంలో నిలబడి నేరుగా నూనెలోకి కొట్టాడు. ఆ ఒత్తిడికి మండుతున్న నూనె ఎగిరి పక్కనున్న చెక్కబల్ల మీద పడింది. బాణలిలో మంట మాత్రం చటుక్కున ఆరిపోయింది. గదంతా తెల్లటి పొడి కమ్మి ఒకరికొకరు కనిపించని స్థితిలో అందరం ఊపిరి పీల్చుకునేలోపే, పట్టుమని పది సెకన్లు కాకుండానే, అదే బాణలి మళ్లీ భగ్గుమంది. సిలిండర్ అప్పటికే ఖాళీ అయింది.

కారణం తరువాత అర్థమైంది. పొడి మంటను ఆర్పుతుంది కానీ నూనెను చల్లబరచదు. నూనె ఇంకా అంటుకునే వేడిలోనే ఉంది కనుక, పొడి తెర తొలగి గాలి తగలగానే మంట తిరిగి వచ్చింది. ఆ రోజు మమ్మల్ని కాపాడినవి రెండే పనులు. ఒకరు బయటికి వెళ్లి గ్యాస్ వాల్వ్ కట్టేశారు. వంటమాస్టరు పెద్ద స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని, దాన్ని తనకూ మంటకూ మధ్య డాలులా పట్టుకుని, పైనుంచి పడేయకుండా తనవైపు అంచు నుంచి అవతలికి నెమ్మదిగా జరుపుతూ బాణలి మీద కప్పారు. రెండు గంటల పాటు ఎవరినీ ఆ పళ్లెం ఎత్తనివ్వలేదు. తొందరపడి ఎత్తి చూస్తే లోపలికి గాలి వెళ్లి మళ్లీ అంటుకుంటుంది.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇంకొకరు అప్పటికే బిందె పట్టుకుని వస్తుంటే వంటమాస్టరు అరిచి ఆపారు. నీరు నూనె కంటే బరువు కనుక అడుగుకు దిగుతుంది, అక్కడి వేడికి క్షణంలో ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరయితే సుమారు 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే ఒక గ్లాసు నీరు, 200 మిల్లీలీటర్లు అనుకుంటే, దాదాపు 340 లీటర్ల ఆవిరిగా మారి మండే నూనెను చిన్న చుక్కలుగా చీల్చి కప్పు దాకా ఎగజిమ్ముతుంది. ప్రతి చుక్కా గాలిలోనే మండుతుంది. అందుచేత నీటి సిలిండర్, దాదాపు అంతా నీరే ఉండే ఫోమ్ సిలిండర్ ఈ రెండింటినీ నూనె బాణలి మీద ఎన్నడూ వాడకూడదు. గ్యాస్ సిలిండర్ అంటుకుంటే తడి గోనెసంచి కప్పడం ప్రదర్శనల్లో చూసి ఉంటారు. అదే పనిని నూనె బాణలికి చేస్తే గోనె నుంచి కారే నీళ్లతో ఇదే ప్రమాదం జరుగుతుంది.

నూనె మంట కోసమే తయారైన సిలిండర్‌ను వెట్ కెమికల్ అంటారు. మన దేశంలో నూనె మంటలకు ఎఫ్ తరగతి అని పేరు, అమెరికాలో కె తరగతి అంటారు, అందుకే అమ్మేవాళ్లు రెండు పేర్లూ వాడుతుంటారు. ఇందులో పొటాషియం లవణాలు కలిపిన ద్రావణం ఉంటుంది. అది పొడవాటి గొట్టం చివరి నుంచి సన్నని తుంపరగా, మెత్తగా పడుతుంది. వేడి నూనెను తాకగానే పైపొర సబ్బుగా మారుతుంది. కుంకుడు నురగలా ఒక దుప్పటి నూనెను కప్పేసి గాలిని ఆపుతుంది, ద్రావణంలోని నీరు కొంచెం కొంచెంగా ఆవిరవుతూ నూనెను చల్లబరుస్తుంది. ఏబీసీ పొడి చేయలేని రెండో పని ఇదే. దీనిలోనూ నీరే ఉంది కదా అని మీకు సందేహం రావచ్చు. తుంపర సన్నగా, నెమ్మదిగా పడటం, పైన వెంటనే సబ్బుపొర కట్టడం వల్ల నీరు అడుగుకు దిగే అవకాశం ఉండదు. కాబట్టి గొట్టాన్ని నూనెలో ముంచకూడదు, దగ్గరికి తెచ్చి జిమ్మకూడదు. లేబుల్‌పై చెప్పిన దూరంలో నిలబడి, గుండ్రంగా తిప్పుతూ, మంట ఆరినా ఆపకుండా సిలిండర్ మొత్తం ఖాళీ చేయాలి. ముందు ఏబీసీ కొట్టి ఆ తరువాత ఇది కొడదామనుకోకండి, ఆ పొడి సబ్బుపొరను బలహీనపరుస్తుంది.

కొనేటప్పుడు లేబుల్‌పై ఎఫ్ అక్షరం పక్కన అంకె ఉంటే చూడండి. పరీక్షలో ఎన్ని లీటర్ల నూనె మంటను ఆర్పిందో అది చెబుతుంది, కనుక మీ పెద్ద బాణలి కంటే ఆ అంకె ఎక్కువగా ఉండాలి. వెట్ కెమికల్‌ను కరెంటు ఉన్న పరికరం మీద వాడకూడదు. కొన్నింటిని పొరపాటున కరెంటుకు తగిలినా ప్రమాదం లేదని పరీక్షించి లేబుల్‌పై రాస్తారు, కానీ అది పొరపాటుకు రక్షణే తప్ప వాడమని అనుమతి కాదు.

ఇక కౌంటర్. కరెంటు మంటకు మొదటి మందు మెయిన్ స్విచ్. సరఫరా ఆగితే అది మామూలు ప్లాస్టిక్, చెక్క మంటగా మారుతుంది. మీ దగ్గర ఇన్వర్టర్ ఉందన్నారు కనుక ఒక విషయం గట్టిగా చెబుతాను. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ తన బ్యాటరీ నుంచి ఆ లైన్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. దానినీ ఆపితేనే పని పూర్తయినట్టు, కాబట్టి ఆ రెండు స్విచ్‌లూ ఎక్కడున్నాయో పనివాళ్లందరికీ తెలియాలి. కంప్యూటర్ దగ్గరికి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపిన సీఓటూ సిలిండర్ మంచిది, కొట్టిన తరువాత ఏమీ మిగలదు. ఏబీసీ కూడా మంట ఆర్పుతుంది కానీ ఆ సన్నని పొడి తేమ పీల్చుకుని సర్క్యూట్లను తినేస్తుంది. నీరు, ఫోమ్ మాత్రం కరెంటు ఉన్నంతసేపు తాకించరాదు, ధార వెంట షాక్ మీ చేతికి వస్తుంది.

సీఓటూకు మూడు హద్దులున్నాయి. చల్లబరిచే శక్తి లేదు కనుక నూనె మీద కొడితే మంట తిరిగి వస్తుంది, పైగా దాని ఊపుకు నూనె చిమ్ముతుంది. కాగితాల మీద కొడితే మండుతున్న కాగితాలు ఎగిరి చెల్లాచెదురవుతాయి, మిగిలిన నిప్పు మళ్లీ రాజుకుంటుంది. తలుపులు మూసిన ఇరుకు గదిలో మనుషులుండగా వాడితే వాళ్లకు పీల్చడానికి గాలే ఉండదు. నల్లని కొమ్ములాంటి మూతిని చేత్తో పట్టుకుంటే చలికి చర్మం కాలినట్టు దెబ్బతింటుంది, పిడి దగ్గరే పట్టుకోవాలి. ఇంకో చిక్కు, దీనికి ముల్లు ఉన్న గేజి ఉండదు. నిండుగా ఉందో లేదో తూకం వేస్తేనే తెలుస్తుంది. ఖాళీ బరువు సిలిండర్‌పైనే ముద్రించి ఉంటుంది, గ్యాస్ బరువులో పదోవంతు తగ్గితే నింపించాలి.

కాగితాల గదికి తొమ్మిది లీటర్ల నీటి సిలిండర్ ఉత్తమం, స్విచ్‌బోర్డు ఆ గదిలో లేకపోతేనే. ఉంటే ఏబీసీ పెట్టుకోండి. ఆ పొడి వేడికి కరిగి నిప్పుకణికల మీద పొరలా అంటుకుంటుంది. బీసీ అని మాత్రమే రాసి ఉన్న పొడికి ఆ గుణం లేదు, కాగితానికి పనికిరాదు. పుస్తకాల కట్ట పైకి ఆరినట్టే కనిపిస్తుంది కానీ లోపలి పేజీల్లో నిప్పు గంటల తరబడి నివురులా ఉంటుంది. మంట ఆరాక కట్టలు బయటికి లాగి విప్పి తడపాలి.

అమెరికాలో ఉన్న బంధువులు పంపే సలహాలను అక్షరాల దగ్గర జాగ్రత్తగా చూడండి. అక్కడ ఏబీసీలోని సి అంటే కరెంటు, మన దగ్గర సి అంటే గ్యాసు. గ్యాసు మంట విషయంలో వాల్వ్ కట్టకుండా మంట మాత్రమే ఆర్పితే ఆ గ్యాసు గదిలో పేరుకుని పేలుతుంది, కనుక ముందు వాల్వే.

మీ మూడు చోట్లకు నా లెక్క ఇది: వంటగదికి వెట్ కెమికల్ ఒకటి, కౌంటర్‌కు రెండు కిలోల సీఓటూ, కాగితాల గదికి ఏబీసీ, అక్కడ స్విచ్‌బోర్డు లేకపోతే నీటి సిలిండర్. వంటగది సిలిండర్‌ను పొయ్యి పక్కన కాకుండా బయటికి వెళ్లే తలుపు దగ్గర తగిలించండి, లేకపోతే దాన్ని అందుకోవడానికి మంటను దాటాల్సి వస్తుంది. మంట బాణలి దాటి గోడకో కప్పుకో పాకితే సిలిండర్ వదిలేసి అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి. బాణలి కంటే నాలుగు వేళ్లు వెడల్పున్న స్టీలు పళ్లెం ఒకటి, మధ్యలో రంధ్రాలేవీ లేనిది, చేతికందే కొక్కేనికి ఉంచండి. అది నిజంగా బాణలిని పూర్తిగా మూస్తుందో లేదో ఈ రోజే, చల్లటి బాణలి మీద పెట్టి చూసుకోండి. మా మొదటి పళ్లెం బాణలి చెవులకు తగిలి ఒకవైపు వేలెడు ఎత్తు లేచి ఉండేది.