హోటల్ బిల్లు, టిప్పు: ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: మేం ఐదుగురు ఫ్రెండ్స్ నెలకోసారి హోటల్‌కి వెళ్తాం. ఒకడు వెజ్, మిగతావాళ్లు నాన్‌వెజ్. టిప్పు ఎంత శాతం ఇవ్వాలి, బిల్లు ఎవరికీ నష్టం లేకుండా ఎలా పంచుకోవాలి?

మాది విజయనగరం, మా బ్యాచ్‌లోనూ ఐదుగురమే. మాలో పైడిరాజు శనివారం మాంసం ముట్టడు, మేం కలిసేదేమో ఎక్కువగా శనివారాలే. బిల్లు మొత్తాన్ని ఐదుతో భాగించి ఇచ్చేసేవాళ్లం. కొన్నాళ్లకి వాడు పనుందని చెప్పి రావడం తగ్గించేశాడు. వెజ్ బిర్యానీ తిని మటన్ బిర్యానీ డబ్బులు కట్టడం ఎవరికైనా కష్టమే, కానీ అది ఫ్రెండ్స్ మధ్య నోరు తెరిచి అడగలేని విషయం. అందుకే తక్కువ తిన్నవాడు అడగకముందే లెక్క సరిగ్గా వేయాలి.

ముందు టిప్పు సంగతి. బిల్లులో "సర్వీస్ ఛార్జ్" అని వేరే లైను ఉందేమో చూడండి. అది జీఎస్టీ కాదు, ప్రభుత్వానికి వెళ్లదు, తప్పనిసరీ కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ మాట స్పష్టంగా చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసేయమని అడగొచ్చు. ఇష్టపడి కడితే మాత్రం మళ్లీ టిప్పు అక్కర్లేదు. ఆ లైను లేకపోతే నేను 5 శాతం ఇస్తాను, బాగా చూసుకున్నారనిపిస్తే 10. లెక్క మాత్రం జీఎస్టీ కలపకముందు ఉన్న ఐటమ్స్ మొత్తం మీదే, పన్ను మీద టిప్పు ఎందుకు? ఆ మొత్తంలో పదో వంతు 10 శాతం, అందులో సగం 5 శాతం, అంతే. టిప్పు క్యాష్‌గా సర్వర్ చేతికే ఇవ్వండి. క్యూఆర్ కోడ్‌కి బిల్లుతో కలిపి కొడితే అది ఓనర్ ఖాతాలో పడుతుంది, సర్వర్ దాకా వస్తుందో రాదో మనకి తెలియదు.

ఇప్పుడు వాటాలు. మా లాంటి ఒక బిల్లు తీసుకుందాం. స్టార్టర్లు 600, నలుగురే తిన్నారు. మటన్ బిర్యానీలు రెండు, ఒక్కోటి 380. చికెన్ బిర్యానీలు రెండు, ఒక్కోటి 280. వెజ్ బిర్యానీ 180. అందరూ తాగిన కూల్‌డ్రింకులు 100. మొత్తం 2200. దీనికి 5 శాతం జీఎస్టీ 110 (బిల్లులో రెండు ముక్కలుగా 55, 55 కనిపిస్తుంది), టిప్పు 5 శాతం ఇంకో 110. జేబులోంచి పోయేది 2420.

ఐదుతో భాగిస్తే తలకి 484. అలా కాకుండా, ముందు ఎవరు ఏం తిన్నారో పన్ను లేని రేట్లతో రాసుకోండి, కలిసి తిన్నదాన్ని తిన్నవాళ్ల మధ్యే పంచండి. స్టార్టర్ల వాటా నలుగురికి 150 చొప్పున, కూల్‌డ్రింకు ఐదుగురికీ 20. అప్పుడు పైడిరాజుది 200, మటన్ తిన్నవాళ్లది 550 చొప్పున, చికెన్ వాళ్లది 450 చొప్పున. తర్వాత ఈ ఒక్క లెక్క:

```
మొత్తం ఖర్చు ÷ ఐటమ్స్ మొత్తం = 2420 ÷ 2200 = 1.10
```

ప్రతి ఒక్కరి అంకెనీ 1.10తో గుణిస్తే పైడిరాజు 220, మటన్ వాళ్లు 605 చొప్పున, చికెన్ వాళ్లు 495 చొప్పున. కూడి చూడండి, సరిగ్గా 2420 వస్తుంది. రాకపోతే ఏదో ఐటమ్ ఎవరి పేరా పడలేదన్నమాట, ఎక్కువసార్లు అది రోటీయో వాటర్ బాటిలో అయి ఉంటుంది. సమానంగా పంచి ఉంటే వాడు 264 ఎక్కువ కట్టేవాడు, తను తిన్నదాని కంటే ఎక్కువ!

ఈ పద్ధతిలో నాకు నచ్చేది, పన్నునీ టిప్పునీ విడివిడిగా పంచే పని ఉండదు. డిస్కౌంట్ వచ్చినా ఇదే లెక్క. పై బిల్లుకి 10 శాతం ఆఫర్ ఉంటే 1980, జీఎస్టీ 99 కలిపితే 2079. టిప్పు మాత్రం పాత 2200 మీదే 110 ఇవ్వండి, డిస్కౌంట్ వచ్చిందని వడ్డించినవాడి పని తగ్గలేదు కదా. మొత్తం 2189, దాన్ని 2200తో భాగిస్తే 0.995, అంటే పైడిరాజుకి 199.

మందు ఉంటే మాత్రం ఇందులో కలపకండి. మద్యానికి జీఎస్టీ ఉండదు, రాష్ట్ర పన్నులు వేరు, అందుకే ఒకే అంకెతో అన్నిటినీ గుణిస్తే తిండి తిన్నవాడి మీద తాగినవాడి పన్ను పడుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే వేరే బిల్లు అడిగి, తాగినవాళ్లే పంచుకోవాలి.

డబ్బులు ఒకరే కట్టి, అక్కడే కూర్చుని బిల్లు ఫోటో, పేర్లు, అంకెలు వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. మధ్యలో వెళ్లిపోయేవాడు ఉంటే వాడు లేచేలోపే వాడి ఐటమ్స్ రాసుకోండి, మర్నాడు ఎవరికీ గుర్తుండదు.